రెండు పేపర్లలో ఒకే అమ్మ

నేను రాసిచ్చిన వ్యాసాన్ని తెలుగు మేడం మొత్తం చదివి, మడిచి, తిరిగి నా చేతికే ఇచ్చారు.

“క్షమించండి అన్న మాట చాలాసార్లు రాశారమ్మా. జరిగింది మాత్రం ఇందులో ఎక్కడా లేదు,” అన్నారు. “మిమ్మల్ని మా కాళ్ల మీద పడమనలేదు. ఏం చేశారు, ఎందుకు చేశారు, దానివల్ల ఎవరికి ఏం పోయింది, ఇకమీదట ఏం మారుతుంది, ఇవి రాయమన్నాం. మళ్లీ రాసుకురండి.”

మళ్లీ రాశాను. ఈసారి తీసుకున్నారు, ఫైల్లో పెట్టారు. అయినా ఆమె అడిగిన వాటిలో ఒకదానికి నేను సరిగా జవాబు రాయలేదని నాకు తెలుసు. ఎవరికి ఏం పోయింది అన్నదానికి. అది అక్కడ రెండు పేజీల్లో పట్టలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఆలస్యంగా. కూతురికి పెళ్లి చేశాక. జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్లో, చర్చిలో పాస్టరమ్మ ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్లను కూర్చోబెట్టి నేర్పేది. పాటల పుస్తకమే మాకు వాచకం. ఆ పాటలు నాకు చిన్నప్పటి నుంచి నోటికొచ్చు. వేలు కిందపెట్టి పాట పాడుకుంటూ పోతే చదువుతున్నట్టే ఉండేది. కొన్నాళ్లు అలా నడిచింది. ఒకరోజు పాస్టరమ్మ అట్టముక్కతో పేజీ అంతా మూసి, మధ్యలో ఒక్క మాట మాత్రం కనిపించేట్టు పెట్టి “ఇదేంటి?” అంది. నాకు రాలేదు. పక్కనున్నవాళ్లు నవ్వారు. “నీ నోరు చదువుతోంది, కళ్లు ఊరికే కూర్చున్నాయి,” అంది ఆమె. ఆ రోజు నుంచి పాట ఏదైనా చివరి నుంచి మొదటికి చదివేదాన్ని.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, రానిది వచ్చినట్టు చూపించడం అంటే ఏంటో నాకు తెలియదని అనడానికి లేదు. ఆ సిగ్గు నాకు అప్పుడే తెలుసు.

మా వాడలోనే, రెండిళ్ల అవతల ఉండే అమ్మాయి నాతోపాటు నేర్చుకుంది. నాకంటే చాలా చిన్నది. నన్ను అక్కా అంటుంది. ఇద్దరం ఒకే ముఠాలో కూలికి వెళ్లేవాళ్లం. చిన్నప్పుడు మూడో తరగతితో మానేసిందట, అందుకని చదవడం నాకంటే త్వరగానే వచ్చింది. రాయడం దగ్గరే చెయ్యి ఆగిపోయేది. అంగన్‌వాడీలో ఆయాగా చేరాలన్నది ఆమె కోరిక. “పది పాసయితే చాలంట అక్కా. ఎండలో వంగే పని ఉండదు. పిల్లలకి అన్నం పెట్టి, ముక్కు తుడిచి పడుకోబెట్టడమే,” అనేది. నాకు అలాంటి కోరికేం లేదు. తను ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరతానంటే, తోడుగా నేనూ చేరాను.

క్లాసులు నందిగామలో. ఆదివారాలు, సెలవు రోజుల్లో జరిగేవి. చర్చిలో ప్రార్థన సగంలో లేచి, పాస్టరమ్మకి కళ్లతోనే చెప్పి, చిల్లకల్లు సెంటర్లో విజయవాడ బస్సు ఎక్కేవాళ్లం. ఆ అమ్మాయికి కిటికీ పక్కన కూర్చోవడం ఇష్టం. దారిపొడుగునా బోర్డులన్నీ పైకి చదివేది. “శుభం ఫంక్షన్ హాలు, ఏసీ కలదు,” అని గట్టిగా చదివితే ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి, “ఏమ్మా, పెళ్లెవరికి?” అన్నాడొకసారి. “నాకేనండీ, టెన్తు క్లాసుతో,” అంది. బస్సంతా నవ్వింది.

మా తెలుగు అసైన్‌మెంట్‌లో ఒక ప్రశ్న ఇలా ఉంది: మీ ఇంటి పెద్దవాళ్లలో ఒకరి జీవితంలోంచి, మీకు తెలిసిన ఒక సంఘటనను మీ సొంత మాటల్లో రాయండి. పబ్లిక్ పరీక్ష మార్కులతోపాటు అసైన్‌మెంట్ మార్కులు కూడా కలుస్తాయి. మాలాంటివాళ్లకి ఆ మార్కులే ఆధారం. పరీక్షలో మూడు గంటలు ఆపకుండా రాయడం మా చేతుల వల్ల అయ్యే పని కాదు.

నేను మా అమ్మ గురించి రాశాను. నాకు నాలుగైదేళ్లప్పుడు అమ్మ పాలేరు వాగు దాటి అవతల ఊరికి నాట్లకి వెళ్లేది. నన్ను చంకనేసుకునేది, తలమీద మిరపనారు మూట. వాగు నడుము లోతు ఉన్నరోజున నేను చంకలో నిద్రపోయి జారిపోతుంటే, రెండో చెయ్యి మూట మీద ఉండటంతో అమ్మ నా గౌను అంచుని పళ్లతో పట్టుకుని వాగు దాటింది. గట్టెక్కాక కూడా చాలాసేపు నోరు తెరవలేదు. దవడ పట్టేసింది. అంతే సంఘటన. రాయడానికి నాకు వారం పైనే పట్టింది. రాశాక మా అమ్మని మొదటిసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసినట్టయింది.

ఆ అమ్మాయి రాయలేదు. అప్పుడు మిరపకోతలు జోరు మీద ఉన్నాయి. పొద్దున్నే ఆటో ఎక్కితే మళ్లీ చీకటి పడే వేళకే ఇల్లు.

మిరపకోతలో ఒక పద్ధతి ఉంది. అందరం చేను ఈ చివర నుంచి తలో సాలు పట్టుకుని బయల్దేరతాం. చెయ్యి వాటంగా సాగేవాళ్లు ముందు అవతలి గట్టు చేరతారు. ఎవరైనా బాగా వెనకబడితే రైతు కంట్లో పడుతుంది. ఏమీ అనడు. మర్నాడు ఆటో ఎక్కేటప్పుడు మాత్రం “ఇవాళ మనుషులు ఎక్కువయ్యారులే,” అంటాడు. అందుకని ముందు చేరినవాళ్లు ఊరుకోరు. వెనకబడినామె సాలులోకి అటు చివర నుంచి దిగి, ఎదురు కోసుకుంటూ వస్తారు. మధ్యలో ఇద్దరూ కలుసుకుంటారు. సాలు అయిపోతుంది. ఎవరు ఎంత కోశారని ఎవరూ అడగరు. నేను మొదటిసారి బిడ్డ కడుపుతో కోతకి వెళ్లినప్పుడు నా సాలుకి ఎదురొచ్చినామె ఎవరో ఇప్పటికీ గుర్తుంది. అది మాకు సాయం కూడా కాదు. పనిలో ఒక భాగం.

అసైన్‌మెంట్ ఇచ్చేయాల్సిన రోజు దగ్గరపడింది. ఒకరోజు చేలో మధ్యాహ్నం అన్నాలు తిని, చెట్టు నీడ లేక ఆటో నీడన కూర్చున్నాం.

“ఏమే, రాసావా?” అన్నాను.

“లేదక్కా. కూర్చుంటున్నా. మా అమ్మ అని రాస్తున్నా, అక్కడే ఆగిపోతన్నా. ఏం రాయాలో తెలీక కాదు. మా అమ్మ సంగతి నీకెప్పుడైనా చెప్పానా?”

చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది. అంతవరకూ ఆ అమ్మాయి తల్లి మాట ఎత్తగా నేను వినలేదు. తలవంచుకుని, స్టీలు డబ్బా మూత తిప్పుకుంటూ, మెల్లగా, మధ్య మధ్యలో ఆగుతూ చెబుతోంది. సగం దాకా వచ్చింది. అటు చూస్తే ముఠా మేస్త్రీ మళ్లీ పనికి లేచి కండువా దులుపుకుంటున్నాడు. నాకు కంగారు పుట్టింది.

“ఇదంతా రాయాలంటే నీకు ఎప్పటికవుద్ది? ఆదివారం ఇచ్చెయ్యాల. నాది చూసి రాసెయ్,” అన్నాను.

“నీదా? మీ అమ్మ గురించి కదా?”

“అయితే ఏం? అమ్మలంతా ఒకటే. వాళ్లేమన్నా ఊరొచ్చి చూస్తారా?”

ఆ అమ్మాయి డబ్బా మూత పెట్టేసింది. “సరే అక్కా,” అంది. మిగతా సగం చెప్పలేదు. నేను అడగలేదు.

సాయంత్రం నా కాగితాలు తీసుకెళ్లి ఇచ్చాను. వాకిట్లో చాప మీద కూర్చుని ఎక్కించుకుంటోంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చూశాను. వాగు పేరు దగ్గరికి వచ్చేసరికి, “పాలేరు తీసేసి మునేరు అని రాయి. మూటలో నారు కూడా తీసెయ్, గడ్డి అను,” అని చెప్పింది నేనే. ఈ మాట మొదటి వ్యాసంలో నేను రాయలేదు. రెండోదాంట్లో రాశాను. తప్పని తెలియక చేశామని అందరితో అన్నాను. తెలియకపోతే వాగు పేరు మార్చమని ఎందుకు చెబుతాను?

ఆదివారం ఇద్దరం ఇచ్చాం. మొదటి పేజీలో ఒక వాక్యం ముందే అచ్చేసి ఉంది: ఇందులో రాసినది నా సొంతం, ఇతరుల నుంచి తీసుకున్నది ఉంటే ఎక్కడిదో చెప్పాను. దాని కింద సంతకం పెట్టాలి. ఇద్దరం పెట్టాం. అప్పట్లో నాకు సంతకం పెట్టడమంటేనే సంబరం. పైన ఏముందో చదవకుండానే పెట్టేదాన్ని. చదవడం వచ్చి కూడా.

తర్వాతి క్లాసుకి వెళ్తే మేడం మా ఇద్దర్నీ ఆగమన్నారు. ముందు ఆ అమ్మాయిని లోపలికి పిలిచారు. తలుపు దగ్గరకి వేశారు గానీ కిటికీ తెరిచే ఉంది. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.

“ఇది మీ అమ్మగారి గురించేనా అమ్మా?”

“అవును మేడం.”

“మునేరు దాటి ఏ ఊరికి వెళ్లేవారు?”

కాగితం తిప్పిన చప్పుడు వినపడింది.

“గడ్డి మూటేగా. తడిస్తే తడుస్తుంది, వదిలేసి పిల్లని పట్టుకోవచ్చుగా? ఎందుకు వదల్లేదు?”

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర ఉంది. రైతు నారు. కొట్టుకుపోతే ఆ ఏడు ఆయన చేనుకి అమ్మని రానివ్వరు. ఆ సంగతి పేపరులో రాయలేదు నేను. నాకు తెలుసు కాబట్టి రాయాలని తోచలేదు. ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది? పైగా నారుని గడ్డి చేయించింది నేను.

“ఏమో మేడం. మా అమ్మ అంతే,” అంది లోపలి నుంచి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

తర్వాత నన్ను పిలిచారు. బల్ల మీద రెండు పేపర్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకేలా ఉన్న వాక్యాల కింద పెన్సిలుతో గీతలు. దేనికీ మార్కులు వేయలేదు. నేను రాసేటప్పుడు తప్పు పడి కొట్టేసి మళ్లీ రాసిన మాట ఒకటుంది. ఆ అమ్మాయి కొట్టివేతతో సహా ఎక్కించింది.

“ఇద్దరమ్మలూ పళ్లతోనే పట్టుకున్నారామ్మా?” అన్నారు మేడం. కోపంగా కాదు.

ఉన్నది చెప్పాను. నేనే ఇచ్చానని, నేనే మార్చమన్నానని, తన తప్పేం లేదని చెప్పాను. మా సాళ్ల పద్ధతి కూడా చెప్పాను. వెనకబడినవాళ్లకి ఎదురెళ్లడం మాకు అలవాటండి అన్నాను. మేడం శ్రద్ధగా విన్నారు.

“చేలో మిరపకాయలు రావడం ముఖ్యం. ఎవరు కోసినా రైతుకి ఒకటే,” అన్నారు. “ఇక్కడ మాకు కాగితాలు అక్కర్లేదమ్మా. ఆమె రాయగలుగుతోందా లేదా తెలియాలి. మీరు ఆమె సాలు కోసేస్తే ఆమె ఎక్కడ ఆగిందో మాకెలా తెలుస్తుంది? నేర్పేది ఎలా?”

“ఇచ్చినదాన్ని కదండీ. తీసుకోలేదు కదా.”

“ఇచ్చినా, తీసుకున్నా ఒకటే లెక్క. సంతకం ఇద్దరూ పెట్టారు.” ఏది చేయొచ్చో కూడా ఆమే చెప్పారు. ప్రశ్న అర్థం కాకపోతే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు వినొచ్చు, అడగొచ్చు. రాసింది చదివి ఇక్కడ నాకు అర్థం కాలేదని చెప్పొచ్చు. గైడులోదో పుస్తకంలోదో వాడుకుంటే ఫలానాదని రాయాలి. రాసిన కాగితం మాత్రం చేతిలో పెట్టకూడదు.

వినొచ్చు, అడగొచ్చు. ఆ రెండు మాటల దగ్గర నాకు ఆటో నీడ గుర్తొచ్చింది.

మా స్టడీ సెంటర్ కోఆర్డినేటర్ సార్ ఆ రోజే నిర్ణయం చెప్పారు. ఇద్దరికీ ఆ అసైన్‌మెంట్‌లో సున్నా. మొదటిసారి కాబట్టి ఇంకో ప్రశ్న మీద మళ్లీ రాసే అవకాశం ఇస్తారు, ఎంత బాగా రాసినా పాసు మార్కు మించి వేయరు. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే లోపు ఇచ్చేయాలి. దాంతోపాటు జరిగినదాని మీద ఎవరికి వాళ్లు ఒక వ్యాసం రాయాలి. సంగతి సెంటర్ ఫైల్లో ఉంటుంది, మార్కుల మెమోలో పడదు. రెండోసారి జరిగితే మాత్రం పైఆఫీసుకి రాస్తారు, ఆ సబ్జెక్టు పోతుంది. “దీంతో మీ చదువేం ఆగిపోదు. పరీక్షలు రాయండి,” అని సార్ రెండుసార్లు చెప్పారు. ఆ అమ్మాయి తలూపింది.

బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉంది. తను ఇటువైపు కూర్చుంది. బోర్డులేవీ చదవలేదు. చిల్లకల్లు దగ్గరపడ్డాక అంది:

“మా అమ్మ గురించి అడిగితే మీ అమ్మ గురించి చెప్పానక్కా. మా అమ్మ నన్ను పళ్లతో పట్టుకుందని చెప్పా. పోయిన మనిషి మీద అబద్ధం చెప్పా.”

“నేను కదే చెప్పమంది.”

“నువ్వు రాయమన్నావు. మా అమ్మేనని మేడంతో అన్నది నేను.”

తర్వాతి క్లాసుకి రాలేదు. ఒంట్లో బాలేదంది. ఆ తర్వాత చుట్టాలొచ్చారంది. నేను కొత్త ప్రశ్నకి జవాబు రాసి ఇచ్చాను. వ్యాసం ఒకసారి వెనక్కి వచ్చిందని ముందే చెప్పాను. మేడం ప్రతిసారీ అడిగేవారు, “ఆమె ఏరమ్మా? ఇంకా టైముంది, రమ్మనండి. రాయలేకపోతే నా దగ్గర కూర్చుని రాయమనండి.” ఆ మాట మోసుకుని వాళ్లింటికి వెళ్లేదాన్ని. ఆ అమ్మాయి మంచినీళ్లిచ్చి, నవ్వి, పిల్లల సంగతులు మాట్లాడి పంపేది.

ఇంకొద్ది రోజులే గడువుందనగా చేలో పట్టుకున్నాను. పక్కపక్క సాళ్లే మావి.

“హాల్ టికెట్లు వస్తాయంట. నీది కూడా వస్తుంది. పరీక్షకైనా రావే,” అన్నాను.

అవతలి సాలులో ఉన్న పిన్ని వరసామె అందుకుంది. “ఏంటే, మీ కాలేజీ ఇంకా అవలేదా? కలెక్టరు అయ్యాక మా రేషన్ కార్డులు చూడండమ్మా!”

“అక్క అవుద్దిలే పిన్నీ,” అంది ఆ అమ్మాయి. “నేను డఫేదారుగా పక్కన నుంచుంటా.”

అందరూ నవ్వారు. నవ్వులు అయ్యాక నాకే వినపడేట్టు అంది: “పెన్ను పట్టుకుంటే ఆ గీతలే కనపడతన్నాయక్కా. పెన్సిలు గీతలు. నాకొద్దులే. నువ్వు చదువుకో.”

“నాదే తప్పు. నీకు చెప్పాలంటే…”

“తప్పొప్పులు కాదు. ఆ రోజు చెప్పాలనిపించింది. అనిపించినప్పుడు అయిపోవాల. మళ్లీ కూర్చుని రమ్మంటే వస్తదా?”

గడువు దాటిపోయింది. పరీక్షలు నేను రాశాను. మా హాల్లో నా ముందు వరసలో ఒక బల్ల మీద ఆమె హాల్ టికెట్ నంబరు చాక్‌పీసుతో రాసి ఉంది. మూడు గంటలూ అక్కడ ఎవరూ కూర్చోలేదు. తల ఎత్తినప్పుడల్లా ఆ అంకెలే.

ఇకమీదట ఏం మారుతుంది అని కదా అడిగారు. మారినవి ఉన్నాయి. సంతకం పెట్టే ముందు పైన ఏముందో చదువుతున్నాను. బ్యాంకులో కౌంటరు అమ్మాయి విసుక్కున్నా చదువుతున్నాను. ఈ ఏడు పదిలో చేరిన మా వాడ ఆడవాళ్లు నా పాత కాగితాలు అడుగుతారు. ఇవ్వను. కొందరికి కోపం కూడా వచ్చింది. “మహా దాస్తుందమ్మా, బంగారమైనట్టు,” అంటారు. కూర్చోమంటాను. చెప్పు, నేను వింటాను అంటాను. వాళ్లు చెబుతుంటే ఎక్కడ తడుముకుంటారో అక్కడ అడుగుతాను. అప్పుడేమైంది? మీ నాన్న ఏమన్నాడు? అడిగాక పెన్ను వాళ్ల చేతికే ఇస్తాను. ఒకామె రెండు వాక్యాలు రాసి చెయ్యి నొప్పని లేచిపోతుంది. ఆ రెండూ ఆమెవే. ఇంతకుముందు ఎవరైనా వెనకబడితే నా కాళ్లు ఆగేవి కావు. ఇప్పుడు ఆపుకుని కూర్చోవడం నేర్చుకుంటున్నాను. కష్టంగా ఉంది.

ఎవరికి ఏం పోయింది అన్నదే మిగిలింది. ఆ అమ్మాయికి ఆయా పని పోయిందని రాస్తే సరిపోదు. పరీక్ష మళ్లీ రాయొచ్చు, ఫీజు మళ్లీ కట్టొచ్చు. వాళ్లమ్మ గురించి రాయాలని ఒక్కసారి ఆ అమ్మాయికి నోరు తెరుచుకుంది, ఆ నోటికి నేను మా అమ్మని అడ్డం పెట్టాను. మా అమ్మకి పోయిందేం లేదు, వాళ్లమ్మ మాత్రం కాగితం మీదికి రాలేదు. రెండు పేపర్లలోనూ ఒక్క అమ్మే ఉంది. రెండో ఆమె ఎక్కడా లేకుండా పోయింది.

ఆ రోజు ఆటో నీడన విన్న సగం నాకు గుర్తుంది. మాట మాట గుర్తుంది. ఇప్పుడు నాకు రాయడం వచ్చు. ఇక్కడ రాసేస్తే బాగుంటుందని కూడా తెలుసు. రాయను. అది నాది కాదు.

మొన్న కోతలో ఆ అమ్మాయి మళ్లీ వెనకబడింది. ఈ మధ్య కాస్త చిక్కింది కూడా. నా సాలు అయిపోయాక అవతలి గట్టు నుంచి ఆమె సాలులోకి దిగాను. చేలో అది తప్పు కాదు. ఎదురు కోసుకుంటూ వచ్చాను. మధ్యలో కలుసుకున్నాం. ఇద్దరి ఒడులూ నిండి ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరూ లేరు.

“ఆ తర్వాత ఏమైందే?” అన్నాను.

“ఏ తర్వాత?”

“మీ అమ్మకి.”

నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. చెబుతుందేమోనని చేతులు ఆపి నుంచున్నాను. మేస్త్రీ పిలిచినా కదలకూడదని అనుకున్నాను.

“ఒడి బరువెక్కింది, పోసొద్దాం పదక్కా,” అంది. కాయలు పోసే పట్టా వైపు ముందుగా నడిచింది.